కాళ్ళకు నీళ్ళు ముందు, కబుర్లు తరవాత

పిల్లలూ! దూరప్రయాణం చేసి వచ్చిన చుట్టం గుమ్మంలో అడుగు పెట్టగానే మీ ఇంట్లో పెద్దవాళ్ళు ఏమంటారో ఎప్పుడైనా శ్రద్ధగా విన్నారా? మన వరంగల్ వైపు ఇళ్ళలో ఆ మాటలు ఇంచుమించు ఇలా ఉంటాయి:

"రాండ్రి, రాండ్రి! మంచిగ వచ్చిండ్రా? తొవ్వల తక్లీఫు ఏం కాలేదు గద? కాళ్ళు కడుక్కోండ్రి. మంచినీళ్ళు తాగుండ్రి. జరసేపు పండుకోండ్రి, తర్వాత మాట్లాడుకుందాం."

గోదావరి జిల్లాల్లో అయితే, "ప్రయాణం సుఖంగా జరిగిందా? కాళ్ళు కడుక్కోండి. కాస్త నడుం వాల్చండి" అంటారు. యాస వేరైనా వరస మాత్రం ఒక్కటే. మొదట క్షేమం అడుగుతారు. తరవాత నీళ్ళు ఇస్తారు. ఆ తరవాత విశ్రాంతి తీసుకోమంటారు. కబుర్లన్నిటికన్నా చివర. ఈ వరస ఊరికే ఏర్పడలేదు. ప్రయాణం మనిషి శరీరాన్ని ఏం చేస్తుందో తెలుసుకుంటే దీని అర్థం తెలుస్తుంది. అంతే కాదు, ఈ రోజుల్లో ఇందులో ఒక్క మాటను ఎందుకు కొంచెం మార్చుకోవాలో కూడా తెలుస్తుంది.

మొదట ఆ ప్రశ్న సంగతి చూద్దాం. "మంచిగ వచ్చిండ్రా?" అన్న ప్రశ్నకు "ఆ, మంచిగనే వచ్చినం" అంటే చాలు, జవాబు పూర్తవుతుంది. అలిసిన మనిషి ఆలోచించనక్కర లేదు, లెక్కలు చెప్పనక్కర లేదు. నిజంగా దారిలో ఏదైనా ఇబ్బంది కలిగి ఉంటే చెప్పుకునేందుకు అందులో చోటూ ఉన్నది. అదే "టికెట్టు ఎంతయింది?", "మాకేం తెచ్చారు?", "ఇంత చిక్కిపోయారేం?" అని అడిగామనుకోండి, నిలబడలేని మనిషిని నిలబెట్టి పరీక్ష పెట్టినట్టే. ఇక గుమ్మంలోనే "ఎన్నాళ్ళుంటారు?" అని మాత్రం అడగనే కూడదు. మీరు ముచ్చటపడి అడిగినా, ఎప్పుడు వెళతారని అడిగినట్టు వినిపిస్తుంది.

రెండవది నీళ్ళు. నా చిన్నతనంలో మా వైపు చాలా ఇళ్ళ వాకిట్లో నీళ్ళ గోలెం, దాని మీద చెంబు ఉండేవి. చుట్టం చెప్పులు విడిచి, చెంబుతో నీళ్ళు ముంచుకుని, కాళ్ళూ ముఖమూ కడుక్కున్నాకనే లోపలికి వచ్చేవాడు. ఆ రోజుల్లో రైళ్ళను బొగ్గు ఇంజన్లు లాగేవి. కాజీపేటలో దిగినవాళ్ళ చొక్కా మడతల్లో మసి ఉండేది. కిటికీ దగ్గర కూచున్నవాళ్ళ కళ్ళలో బొగ్గు నలుసులు పడి ఎర్రబడేవి. అప్పుడు కడుక్కోవటం తప్పనిసరి.

ఇప్పుడు మసి లేదు. అయినా నీళ్ళ అవసరం పోలేదు. బస్సులో, రైల్లో, విమానంలో ఎందరో పట్టుకున్న కమ్ములనూ తలుపులనూ పట్టుకుని వచ్చిన చేతులు అవి. అందుచేత ఈ రోజుల్లో కాళ్ళతోపాటు చేతులు కూడా సబ్బుతో కడుక్కోవాలి. తాగే నీళ్ళకు వేరే కారణం ఉన్నది. ఎంతో ఎత్తున ఎగిరే విమానం లోపలి గాలి చాలా పొడిగా ఉంటుంది. అందులో తేమ తరచు 20 శాతం కన్నా తక్కువే. అందుచేత గంటలు గడిచేకొద్దీ ముక్కు, గొంతు, పెదవులు ఎండిపోతాయి. పైగా మాటిమాటికీ లేవవలసి వస్తుందని చాలామంది ప్రయాణంలో నీళ్ళు తక్కువగా తాగుతారు. అందువల్ల మొదట మంచినీళ్ళు, తరవాత ఒక గ్లాసు పల్చని చల్ల ఇస్తే ప్రాణం లేచి వస్తుంది.

కాళ్ళు ఎందుకు ఉబ్బుతాయి?

దూరం నుంచి వచ్చినవాళ్ళు చెప్పులు విడిచినప్పుడు పాదాల మీద చెప్పు పట్టీల అచ్చులు లోతుగా పడి ఉండటం మీరు చూసే ఉంటారు. పాదం కొద్దిగా ఉబ్బిందన్న మాట. ఎందుకని?

గుండె నెత్తుటిని పాదాల దాకా పంపగలదు. అయితే అక్కడి నుంచి అది తిరిగి పైకి ఎక్కాలి. ఈ పనిలో గుండెకు పిక్కలు సాయం చేస్తాయి. మనం అడుగు వేసినప్పుడల్లా పిక్క కండరం బిగిసి, దాని మధ్య ఉన్న సిరలను పిండుతుంది. నెత్తురు పైకి పోతుంది. సిరల్లో చిన్న చిన్న కవాటాలు ఉంటాయి. అవి తలుపుల్లా మూసుకుని, పైకి పోయిన నెత్తురును కిందికి జారనివ్వవు. పది గంటలు కదలకుండా కూచుంటే ఈ పంపు ఆగిపోయినట్టే. నెత్తురు కాళ్ళలో నిలుస్తుంది. అందులోని నీరు కొంత నాళాల గోడల గుండా బయటికి ఊరి పాదాల్లో చేరుతుంది.

కాళ్ళు కడిగితే ఈ ఉబ్బు పోదు. కాని కడుక్కోవటానికి నాలుగడుగులు నడుస్తారు కదా, ఆ నడక పంపును మళ్ళీ నడిపిస్తుంది. తరవాత మంచం మీద పడుకుని, మడమల కింద రెండు దిండ్లు పెట్టుకుంటే నిలిచిన నీరు మెల్లగా వెనక్కు పోతుంది. కాబట్టి మీ ఇంటికి వచ్చిన పెద్దవాళ్ళకు దిండు తెచ్చి ఇవ్వటం మీరు చెయ్యగల మంచి పని.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. మామూలు ఉబ్బు రెండు కాళ్ళకూ ఇంచుమించు సమానంగా ఉంటుంది, నొప్పి ఉండదు, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. అలా కాక ఒక కాలి పిక్క మాత్రమే ఉబ్బి, నొప్పి పుట్టి, ముట్టుకుంటే వేడిగా ఉంటే, లోపలి సిరలో నెత్తురు గడ్డ కట్టి ఉండవచ్చు. ఇది అరుదు గాని, ప్రమాదం. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే హఠాత్తుగా ఆయాసం, గుండెలో నొప్పి వస్తాయి. వచ్చిన రోజునే కాదు, కొన్ని రోజుల తరవాత కూడా ఇలా కావచ్చు. అప్పుడు ఆలస్యం చెయ్యకుండా వైద్యుని దగ్గరికి తీసుకుపోవాలి. కాళ్ళు నొస్తున్నాయంటే పిల్లలు పిసకటం మన ఇళ్ళలో అలవాటే కదా! కాని ఒక్క కాలే ఉబ్బి నొప్పిగా ఉన్నప్పుడు మాత్రం దాన్ని పిసకకూడదు.

రెండు రకాల అలసట

మూడవ మాట "పండుకోండ్రి". మారుతున్న కాలంతోపాటు మనం కొంచెం మార్చుకోవలసిన మాట ఇదే.

ఢిల్లీ నుంచి మీ చిన్నాయన రైల్లో బయలుదేరి, బల్హార్షా మీదుగా వరంగల్ చేరాడనుకోండి. ఇంచుమించు ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణం. కుదుపులకూ, స్టేషన్లలో కేకలకూ ఆయనకు సరిగా నిద్ర పట్టి ఉండదు. ఒళ్ళు నొప్పులు ఉంటాయి. కాని ఢిల్లీ గడియారంలో ఎంతయిందో వరంగల్ గడియారంలోనూ అంతే. అటువంటి చుట్టాన్ని హాయిగా పడుకోనివ్వండి. ఒక పూట నిద్రతో ఆయన మామూలు మనిషి అవుతాడు.

అమెరికాలోని డాలస్ నగరం నుంచి మేనత్త వస్తే సంగతి వేరు. ఒక భూగోళం తెచ్చుకుని చూడండి. వరంగల్ సుమారు 80 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉన్నది. డాలస్ సుమారు 97 డిగ్రీల పడమటి రేఖాంశం మీద ఉన్నది. రెంటికీ మధ్య ఇంచుమించు 177 డిగ్రీలు, అంటే దాదాపు సగం చుట్టు. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది. అందుచేత మనకు తెల్లవారే వేళకు అక్కడ పొద్దు కుంకుతూ ఉంటుంది. చలికాలంలో మన గడియారం డాలస్ గడియారం కంటె పదకొండున్నర గంటలు ముందుంటుంది. వేసవిలో అక్కడివాళ్ళు తమ గడియారాలను ఒక గంట ముందుకు జరుపుకుంటారు కనుక అప్పుడు తేడా పదిన్నర గంటలు.

చేతి గడియారాన్ని తిప్పుకోవటానికి అర నిమిషం చాలు. కాని మన ఒంట్లో ఇంకొక గడియారం ఉన్నది. దాన్ని అలా తిప్పటం కుదరదు.

ఆ గడియారం సంగతి మొదట ఒక మొక్క చెప్పింది. మీ బడి దారిలో అత్తిపత్తి మొక్కను చూసే ఉంటారు, ముట్టుకుంటే ముడుచుకుపోతుంది. అది రాత్రి కూడా ఆకులు ముడుచుకుంటుంది. చింతచెట్టూ అంతే. 1729లో డి మేరాన్ అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు అటువంటి మొక్క నొకదాన్ని వెలుతురు సోకని చోట ఉంచి చూశాడు. చీకట్లో ఉన్నా అది పగటి వేళకు ఆకులు విప్పి, రాత్రి వేళకు ముడుచుకుంటూనే ఉన్నది. సూర్యుడు కనబడకపోయినా వేళ తెలిపేది ఏదో దాని లోపలే ఉన్నదన్న మాట.

మనిషిలో ఆ గడియారం మెదడులో, రెండు కళ్ళ నుంచి వచ్చే నరాలు కలుసుకునే చోటికి పైన ఉన్నది. అది బియ్యపు గింజ పాటి ఉంటుంది. ఎప్పుడు నిద్ర రావాలో, ఎప్పుడు ఆకలి వెయ్యాలో, ఒంటి వేడి ఎప్పుడు తగ్గాలో అదే నడిపిస్తుంది. కళ్ళ ద్వారా వచ్చే పగటి వెలుతురును చూసి అది తన వేళను సరిచేసుకుంటుంది. జీవకణాల్లో ఇటువంటి గడియారం ఎలా నడుస్తుందో పండ్ల మీద ముసిరే చిన్న ఈగల్లో కనిపెట్టినందుకు జెఫ్రీ హాల్, మైకేల్ రాస్‌బాష్, మైకేల్ యంగ్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2017లో నోబెల్ బహుమతి ఇచ్చారు.

ఈ గడియారం కొత్త ఊరి వేళకు రోజుకు సుమారు ఒక గంట చొప్పున, లేదా అంతకన్నా కొంచెం ఎక్కువగా మాత్రమే జరుగుతుంది. పదకొండున్నర గంటల తేడా పూర్తిగా సర్దుకోవటానికి వారం, పది రోజులు పడుతుందంటే ఆశ్చర్యం లేదు.

మేనత్త లోపలి గడియారం

ఇప్పుడు ఒక లెక్క చేద్దాం. డిసెంబరు నెల. డాలస్‌లో ఉండే ఒక మేనత్త పధ్నాలుగు రోజుల సెలవు మీద హనుమకొండలో ఉన్న పుట్టింటికి బయలుదేరింది. అక్కడ పగలు రెండున్నరకు ఇంటికి తాళం వేసింది. విమానం ఎక్కే దాకా మూడు గంటలు, గల్ఫు దేశం దాకా విమానంలో పదిహేను గంటలు, అక్కడ నిరీక్షణ నాలుగు గంటలు, మళ్ళీ విమానంలో నాలుగు గంటలు, శంషాబాదులో బయట పడటానికి ఒక గంట, అక్కడి నుంచి కారులో మూడు గంటలు. కూడి చూడండి, ముప్పై గంటలు! ఆమె గుమ్మంలో దిగేసరికి మన గడియారం ఉదయం ఎనిమిది గంటలు చూపుతున్నది.

కాని ఆమె లోపలి గడియారం ఎంత చూపుతున్నది? ఎనిమిది గంటల నుంచి పదకొండున్నర గంటలు వెనక్కు లెక్కించండి. ముందు రోజు రాత్రి ఎనిమిదిన్నర! మనం ఉప్మా తింటూ ఉంటే, ఆమె ఒళ్ళు రాత్రి భోజనం ముగించే వేళలో ఉన్నదన్న మాట. మన పదిన్నర ఆమెకు రాత్రి పదకొండు, అంటే నిద్ర వేళ. మన సాయంత్రం నాలుగు గంటలు ఆమెకు తెల్లవారుజాము నాలుగున్నర, అంటే నిద్ర అన్నిటికన్నా బలంగా ముంచుకు వచ్చి, ఒంటి వేడి అన్నిటికన్నా తగ్గే వేళ. ఇక మన రాత్రి పది గంటలకు ఆమె లోపల పగలు పదిన్నర అయి ఉంటుంది.

గుమ్మంలో నాయనమ్మ అన్నది, "వచ్చినవా బిడ్డా! మంచిగ వచ్చినవా? కాళ్ళు కడుక్కో. ఇంత తిని పండుకో. ఎవ్వరూ లేపరు, ఎప్పుడు లేస్తే అప్పుడే."

ఆ మాటలో ఎంత ప్రేమ ఉన్నదో! కాని ఆ మాట ప్రకారం జరిగితే ఏమవుతుందో చూడండి. మేనత్త పదిన్నరకు పడుకుంటుంది. తలుపులు మూసి, పరదాలు దించి, పిల్లలను బయటికి పంపేస్తారు. ఆమె సాయంత్రం ఆరింటికి లేస్తుంది. అప్పటికి పొద్దు కుంకిపోతుంది. పొద్దున కాసేపు తప్ప ఆ రోజు ఆమె కళ్ళకు పగటి వెలుతురు సోకనే లేదు. కనుక లోపలి గడియారం ఇంకా డాలస్ రాత్రిలోనే ఉన్నాననుకుంటుంది. రాత్రి ఇల్లంతా నిద్రపోతే ఆమె ఒక్కతే కళ్ళు తెరుచుకుని, దూలాలు లెక్కపెడుతూ ఉంటుంది. రెండింటికి ఆకలి వేస్తుంది. తెల్లవారాక మళ్ళీ నిద్ర ముంచుకు వస్తుంది. ఇలా నాలుగైదు రోజులు గడిస్తే, పధ్నాలుగు రోజుల సెలవులో మూడోవంతు తల్లి మెలకువగా ఉన్నప్పుడు కూతురు నిద్ర, కూతురు మెలకువగా ఉన్నప్పుడు తల్లి నిద్ర!

అందుచేత ఆ ఇంట్లో ఏం చెయ్యాలి? కాళ్ళూ చేతులూ కడుక్కుని, మంచినీళ్ళు తాగి, స్నానం చేశాక, ఆమెకు కొంచెం తేలికైన ఆహారం పెట్టాలి. వచ్చింది కదా అని బూరెలూ గారెలూ పెట్టకూడదు. ఆమె కడుపు కూడా పాత వేళల్లోనే ఉంటుంది కనుక బరువైన తిండి అరగదు. మధ్యాహ్నం మన వేళకే పప్పుచారు, పెరుగన్నం చాలు.

నిద్ర ఆపుకోలేకపోతే పగలు ఒక కునుకు తియ్యనివ్వాలి. కాని అది అరగంట, మరీ అలిసి ఉంటే ఒక గంట. అంతకు మించకూడదు. వేళకు లేపే బాధ్యత మీరు తీసుకోండి. కిటికీ తలుపులు తెరిచి, వెలుతురు లోపలికి రానిచ్చి, మెల్లగా "అత్తమ్మా!" అని పిలవండి. గాఢనిద్రలో నుంచి లేచిన మనిషి కాసేపు మత్తుగా, విసుగ్గా ఉండవచ్చు. దాన్ని మనసులో పెట్టుకోకండి. ఆ మత్తు పావుగంట, అరగంటలో దిగుతుంది.

అన్నిటికన్నా కష్టమైన వేళ సాయంత్రం మూడున్నర, నాలుగు గంటలు. అప్పుడు కుర్చీలో కూచుంటే చాలు, ఆమె తల వాలిపోతుంది. సరిగ్గా అప్పుడే ఆమెను వెంటబెట్టుకుని భద్రకాళి చెరువు కట్ట మీదికో, వేయిస్తంభాల గుడికో మెల్లగా నడిపించండి. నడకవల్ల పిక్కల పంపు నడుస్తుంది. వెలుతురులో మెలకువా నిలుస్తుంది. అయితే ఆ రోజు ఆమెను స్కూటరు గాని, కారు గాని నడపనివ్వకూడదు. నిద్రమత్తులో బండి నడపటం చాలా ప్రమాదం.

రాత్రి ఎనిమిది గంటలకు భోజనం, తొమ్మిదిన్నరకు దీపాలు ఆర్పటం. నిద్ర వేళకు టీ, కాఫీ ఇవ్వకూడదు. పడుకునే ముందు సెల్‌ఫోను వెలుతురును కళ్ళకు దూరంగా ఉంచాలి. ముప్పై గంటల బడలిక ఉన్నది కాబట్టి మొదటి రాత్రి ఆమెకు కొంత నిద్ర పడుతుంది. మధ్యరాత్రి మెలకువ రావచ్చు. వచ్చినా దీపం వెయ్యకుండా చీకట్లోనే పడుకుని ఉండటం మంచిది. మరునాడు పొద్దున ఏడున్నరకల్లా లేపి ఎండలోకి తీసుకురావాలి. అలా చేస్తే మూడు, నాలుగు రోజుల్లో పగలు పగలులాగా, రాత్రి రాత్రిలాగా ఆమెకు అనిపించసాగుతుంది. గడియారం పూర్తిగా సర్దుకోవటానికి ఇంకా కొన్ని రోజులు పట్టినా, సెలవు రోజులు మాత్రం ఇంట్లోవాళ్ళతో గడుస్తాయి.

అయితే ఈ పద్ధతి అందరికీ ఒక్కటే కాదు. వచ్చినవారు బాగా ముసలివారైనా, జబ్బు మనిషి అయినా, చంకలో పసిపిల్ల ఉన్న తల్లి అయినా వాళ్ళను బలవంతాన మెలకువగా ఉంచకూడదు. వేళ తప్పకుండా మందులు వేసుకునేవారు, ముఖ్యంగా మధుమేహానికి ఇన్సులిన్ తీసుకునేవారు, కొత్త ఊళ్ళో ఏ వేళకు తీసుకోవాలో బయలుదేరే ముందే వైద్యుణ్ణి అడిగి తెలుసుకోవాలి.

ఈసారి మీ ఇంటికి ఎవరైనా దూరం నుంచి వస్తున్నారని తెలియగానే ఒక కాగితం మీద రెండు వరసలు గియ్యండి. ఒక వరసలో మన ఊరి వేళ, రెండో వరసలో వాళ్ళ ఊరి వేళ రాయండి. రెండూ ఒకటే అయితే నాయనమ్మ మాటే సరి అయినది, హాయిగా పడుకోనివ్వండి. తేడా చాలా ఎక్కువైతే ఆ కాగితాన్ని నాయనమ్మకు చూపించండి. అప్పుడు గుమ్మంలో చెప్పవలసిన మాట ఇది: "మంచిగ వచ్చినవా అత్తమ్మా? కాళ్ళు కడుక్కో, నీళ్ళు తాగు, జరసేపు ఒరుగు. గంటకు నేనే లేపుత." ఏం తెచ్చారన్న ప్రశ్న మాత్రం మరునాటిదాకా దాచుకోండి. ఎలాగూ రాత్రి మూడింటికి మెలకువ వచ్చి, ఆమే మెల్లగా పెట్టె తెరుస్తూ ఉంటుంది!